సెలవు అసలుకే... వడ్డీకి కాదు

గత నవంబరులో ఒక శనివారం పొద్దున్నే ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు, నాకంటే పదేళ్లు పెద్ద. ఎరువుల దుకాణం నడుపుతాడు. కుశల ప్రశ్నలేవీ లేకుండా నేరుగా విషయంలోకి వచ్చాడు. "తమ్ముడూ, బ్యాంకు వాళ్లు లెక్క తప్పేశారు. మనవాడి చదువుకు మనం తీసుకున్నది 40 లక్షలు. ఇప్పుడేమో 46 లక్షల 78 వేలు బాకీ అని కాగితం పంపారు. ఇంకా ఒక్క వాయిదా కూడా మొదలవలేదు. ఎగ్గొట్టిందీ లేదు. ఆరు లక్షల 78 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి?"

వాళ్లబ్బాయి మేం ఉండే డాలస్ దగ్గరే ఉంటాడు. 2023 ఆగస్టులో ఎమ్మెస్‌కు వచ్చాడు. 2025 మే నెలలో చదువు ముగించి, సెప్టెంబరు చివర్లో ఉద్యోగంలో చేరాడు. ఆ సాయంత్రమే ఇంటికి పిలిచి లోన్ కాగితాలు తెమ్మన్నాను. శాంక్షన్ లెటర్ వాడి మెయిల్‌లోనే ఉంది, కానీ రెండేళ్లుగా తెరిచి చూడలేదు. "మారటోరియం ఉంది కదా బాబాయ్, అది అయ్యాకే అన్నీ మొదలవుతాయి అనుకున్నా" అన్నాడు.

వాణ్ని తప్పు పట్టలేదు. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇదే అనుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ 6 లక్షల 78 వేలు ఎలా వచ్చాయో చూద్దాం. లెక్క సులువుగా ఉండాలని తేదీలు, అంకెలు కొద్దిగా సర్దాను తప్ప విషయం మాత్రం ఉన్నదే.

మారటోరియం అనే మాటను మన ఇళ్లలో 'సెలవు' అని అర్థం చేసుకుంటాం. సెలవే, కాదనను. కానీ ఆ సెలవు వాయిదా కట్టడానికి మాత్రమే. బ్యాంకు మొదటి విడత డబ్బు యూనివర్సిటీకి పంపిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. కోర్సు జరుగుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత ఇచ్చే ఆరు నెలలో ఏడాదో గడువులోనూ అది రోజూ లెక్కకు ఎక్కుతూనే ఉంటుంది. ఆ గడువు ముగిసిన రోజున పోగుపడిన వడ్డీ మొత్తాన్ని అసలులో కలిపి, ఆ కొత్త అసలు మీద ఈఎంఐ కడతారు. మా అన్నయ్యకు వచ్చిన కాగితం ఆ కలిపిన రోజుదే.

వాడికి లోన్ నాలుగు విడతల్లో విడుదలైంది. 2023 ఆగస్టులో 12 లక్షలు, 2024 జనవరిలో 10 లక్షలు, ఆగస్టులో ఇంకో 10 లక్షలు, 2025 జనవరిలో చివరి 8 లక్షలు. వడ్డీ ఏడాదికి నూటికి పది. మొదటి 12 లక్షలు నవంబరు చివరి దాకా 28 నెలలు ఉన్నాయి కాబట్టి వాటి మీద 2 లక్షల 80 వేలు అయింది. రెండో విడత 23 నెలలు ఉంది, దానికి లక్షా 92 వేలు. మూడో విడత 16 నెలలకు లక్షా 33 వేలు. చివరి 8 లక్షలు పదకొండు నెలలే ఉన్నా 73 వేలు అయ్యాయి. అన్నీ కూడితే దాదాపు 6 లక్షల 78 వేలు. బ్యాంకు లెక్క తప్పలేదు.

ఫోన్‌లో ఇదంతా విని అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే నూటికి ఎంత వడ్డీ పడినట్టు?" అని అడిగాడు. ఆయనకు ఏడాదికి పది శాతం అంటే తెలియక కాదు. మన వైపు వ్యాపారస్తులకు వడ్డీ అంటే నెలకు నూటికి ఎన్ని రూపాయలన్నదే. పది శాతం అంటే నెలకు నూటికి 83 పైసలు. "ఊళ్లో రెండు రూపాయలకు ఇస్తున్నారు, ఇది నయమే కదా" అన్నాడు. నయమే. అందుకే బ్యాంకు వడ్డీ కట్టడానికి ఊళ్లో రెండు రూపాయలకు చేబదులు తెచ్చే పని మాత్రం ఎప్పుడూ చేయవద్దని చెప్పాను. అది ఏడాదికి 24 శాతం. అలా చేసిన కుటుంబాలు నాకు తెలుసు. బ్యాంకు కాగితం మీద బాకీ పెరగలేదు, ఊళ్లో ప్రామిసరీ నోట్ల మీద పెరిగింది.

ఈ పోగుపడే వడ్డీ గురించి ఒక అపోహ బాగా ఉంది. చక్రవడ్డీ వేసి ముంచేస్తారని చాలామంది భయపడతారు. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో రూపొందించి, తర్వాత సవరిస్తూ వచ్చిన నమూనా విద్యారుణ పథకం ప్రకారం చదువు కాలంలోనూ, వాయిదాలు మొదలయ్యే దాకానూ వేయాల్సింది బారువడ్డీయే. ప్రభుత్వ రంగ బ్యాంకులు ఎక్కువగా ఈ నమూనానే పాటిస్తాయి. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల షరతులు వేరుగా ఉండవచ్చు. కొన్ని చదువుతుండగానే వడ్డీలో కొంత భాగమో మొత్తమో నెలనెలా కట్టమంటాయి. మా అన్నయ్య లెక్కనే నెలనెలా చక్రవడ్డీతో వేసి చూశాను. 6 లక్షల 78 వేలు కాస్తా 7 లక్షల 43 వేలు అయింది. తేడా 65 వేల లోపే. అదే 10 శాతం బదులు 13 శాతానికి తీసుకుని ఉంటే, బారువడ్డీయే అయినా 8 లక్షల 82 వేలు అయ్యేది. బారువడ్డీయా చక్రవడ్డీయా అని అడగడం మంచిదే. కానీ దానికంటే ముందు చూడాల్సింది వడ్డీ రేటు. ఆస్తి తాకట్టు పెట్టగలిగిన కుటుంబం తొందర కోసం తాకట్టు లేని లోన్‌కు వెళ్తే, ఆ తొందరకు చెల్లించే ధర ఇదే.

తాకట్టు అంటే ఒక మాట. నమూనా పథకంలో ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. మనవాళ్లు పొలం ఉంది కదా అంటారు. కానీ బ్యాంకులు సాధారణంగా ఇల్లు, ఇంటి స్థలం, డిపాజిట్లు కోరతాయి. వసూలు కాని బాకీకి తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే ఐదెకరాలు ఉన్న రైతు కూడా చివరికి తానుండే ఇంటి కాగితాలే ఇస్తాడు. మా అన్నయ్య ఇచ్చిందీ ఇంటి కాగితాలే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ వడ్డీని చదువుతుండగానే కట్టి ఉండాల్సిందా? కట్టగలిగిన కుటుంబం కట్టాలనే నా అభిప్రాయం. మన పేజీలో ఇలాంటి సలహా రాస్తే "అమెరికాలో కూర్చుని చెప్పడం తేలిక" అనే ఉత్తరాలు వస్తాయని తెలుసు. అయినా అంకెలు చూడండి. మొదటి అయిదు నెలలూ వడ్డీ నెలకు పది వేలే. రెండో విడత విడుదలయ్యాక 18 వేల 300. మూడోది వచ్చాక 26 వేల 700. చివరి పదకొండు నెలలు 33 వేల 300. అన్నయ్య దుకాణానికి మొదటి పది వేలు కష్టం కాదు, 18 వేలు కొంచెం కష్టం, 33 వేలు ఆయన వల్ల అయ్యేది కాదు. అయినా అయిదు నెలలు పది వేల చొప్పున, తర్వాత ఏడు నెలలు 18 వేల చొప్పున కట్టి ఉంటే, లక్షా 78 వేలు అసలులో కలిసేది కాదు. మొత్తం కట్టాలి, లేకపోతే ఏమీ కట్టకూడదు అన్న నియమం ఏదీ లేదు. ఎంత కట్టినా ఆ మేరకు తగ్గుతుంది. పైగా నమూనా పథకంలో చదువు కాలంలో వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేవాళ్లకు వడ్డీ రేటులో ఒక శాతం దాకా తగ్గింపు ఇవ్వవచ్చని ఉంది. అది ఆపకుండా కట్టేవాళ్లకే. మీ బ్యాంకులో ఉందో లేదో శాంక్షన్ లెటర్‌లో చూసుకోవాలి.

కట్టకపోతే ఏమవుతుంది? 40 లక్షల మీద పదేళ్ల ఈఎంఐ నెలకు 52 వేల 860. 46 లక్షల 78 వేల మీద 61 వేల 825. తేడా దాదాపు తొమ్మిది వేలు. పదేళ్లు కడితే 10 లక్షల 75 వేలు. అంటే చదువుతుండగా కట్టని 6 లక్షల 78 వేలు, కట్టే సరికి పది లక్షలు దాటుతుంది. అసలులో కలిసిన వడ్డీ మీద మళ్లీ పదేళ్లు వడ్డీ పడుతుంది కాబట్టి. చక్రవడ్డీ భయం నిజమయ్యేది ఇక్కడ, మారటోరియం ముగిసిన మర్నాటి నుంచి.

విద్యార్థి కూడా కొంత మోయగలడు. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని చట్టబద్ధంగా చేసుకోవచ్చు. అందులోంచి నెలకు 120 డాలర్లు ఇంటికి పంపినా మొదటి సెమిస్టరు వడ్డీ దాదాపు తీరిపోతుంది. ఆ మాట వినగానే కొంతమంది పిల్లలు బయట దొంగచాటు పనుల గురించి ఆలోచిస్తారు. వీసా స్టేటస్ పోతే 40 లక్షల అప్పు తీర్చే దారి కూడా దానితోనే పోతుంది కాబట్టి ఆ పది డాలర్లు మనకు వద్దు.

ఇక నా సంగతి. నేను 2004లో తొమ్మిది లక్షలు లోన్ తీసుకుని వచ్చాను. 2005 డిసెంబరులో చదువు పూర్తయింది. అప్పటి నిబంధన, కోర్సు అయ్యాక ఏడాది, లేదా ఉద్యోగం వచ్చాక ఆరు నెలలు, ఏది ముందైతే అది. నాకు ఏడాది అన్న మాటే గుర్తుండిపోయింది. ఫిబ్రవరిలో ఉద్యోగం వచ్చింది. కాబట్టి ఆగస్టులోనే వాయిదాలు మొదలయ్యాయి. నేనేమో డిసెంబరు దాకా టైముందనుకుని పాత కారు అమ్మేసి కొత్త కారు కొన్నాను. బ్యాంకు ఉత్తరాలు తెనాలిలో మా ఇంటికి వెళ్లాయి. నాన్న రిటైరైన బడిపంతులు. నాకు చెప్పకుండా రెండు వాయిదాలు తన పెన్షన్‌లోంచి కట్టారు. "కొత్తగా ఉద్యోగంలో చేరాడు, వాడికి ఎందుకు కంగారు" అనుకున్నారట. దసరాకు ఫోన్ చేసినప్పుడు అమ్మ నోరు జారింది. కారు పోర్చ్‌లో మెరుస్తూ ఉంది. ఆ రోజు దాని వైపు చూడబుద్ధి కాలేదు.

అందుకే పిల్లల్ని నేను మొదట అడిగేది ఒకే ఒక్క తేదీ. నీ మొదటి ఈఎంఐ ఎప్పుడు? పదిమందిలో ఎనిమిది మంది చెప్పలేరు. 'చదువయ్యాక ఆరు నెలలకు' అంటారు. ఏ రోజు నుంచి ఆరు నెలలు? స్టేట్ బ్యాంక్ గ్లోబల్ ఎడ్-వాంటేజ్ లాంటి పథకంలో కోర్సు పూర్తయిన ఆరు నెలలకు వాయిదాలు మొదలవుతాయి. నమూనా పథకంలో ఏడాది. కానీ కోర్సు ఎప్పుడు పూర్తయినట్టు అన్నది బ్యాంకు కంప్యూటర్‌లో శాంక్షన్ రోజున ఎక్కించిన తేదీని బట్టి ఉంటుంది. ఒక సెమిస్టరు ఎక్కువ పట్టినా, అడ్మిషన్ వాయిదా పడి జనవరిలో వచ్చినా, ఆ తేదీ దానంతట అది జరగదు. యూనివర్సిటీ నుంచి కొత్త ఐ-20, పూర్తయ్యే తేదీతో లెటర్ తీసుకుని బ్రాంచికి పంపి మార్పించుకోవాలి. చదువు సకాలంలో పూర్తి కాకపోతే రెండేళ్ల దాకా గడువు పెంచవచ్చని నమూనా పథకంలోనే ఉంది. అడగకపోతే మాత్రం చదువు మధ్యలోనే వాయిదా డిమాండ్ వస్తుంది, కట్టకపోతే బాకీ పడినట్టు నమోదవుతుంది.

ఈ ఆరు నెలల్ని వీసా లెక్క పక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. చదువు ముగిసిన 60 రోజుల లోపు ఓపీటీ మొదలవ్వాలి. మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. మే మధ్యలో పట్టా పుచ్చుకున్నవాడు ఎంత సాగదీసినా జులై మధ్యకు ఓపీటీ మొదలుపెట్టాలి. అక్టోబరు మధ్యకు 90 రోజులు అయిపోతాయి. బ్యాంకు ఇచ్చిన ఆరు నెలలు నవంబరు మధ్య దాకా ఉన్నాయి. అంటే మొదటి ఈఎంఐ పడకముందే ఈ దేశంలో ఉండగలడో లేడో తేలిపోతుంది. వాళ్లబ్బాయికి సెప్టెంబరు చివర్లో ఉద్యోగం దొరికినప్పుడు ఆ 90 రోజుల్లో మిగిలింది మూడు వారాలు కూడా లేవు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ ఈ విషయం తెలియదు.

మధ్యలో కొంతమంది పిల్లలు ఒక ఉపాయం చేస్తారు. ఓపీటీ మొదటి ఏడాదిలో జీతం లేని పని కూడా, వారానికి 20 గంటలు తగ్గకుండా, చదివిన సబ్జెక్టుకు సంబంధించినదైతే ఉద్యోగంగానే లెక్కకు వస్తుంది. 90 రోజుల గడియారం ఆగుతుంది. తప్పు కాదు, చట్టబద్ధమే. అయితే ఆ గడియారం ఆగినా బ్యాంకు గడియారం ఆగదు. స్టెమ్ పొడిగింపు 24 నెలలకు మాత్రం జీతం ఉండి తీరాలి.

అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకు తెలియని దారి ఒకటుంది. ఉద్యోగం లేని, లేదా సరిపడా జీతం రాని రోజుల్లో, లోన్ కాలం మొత్తంలో రెండు మూడు సార్లు మళ్లీ మారటోరియం ఇవ్వవచ్చని నమూనా పథకంలో ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. ఆ కాలానికీ వడ్డీ పడుతుంది. అయినా అడగాలి, అదీ వాయిదా తప్పకముందు, రాతపూర్వకంగా, ఓపీటీ కార్డు కాపీ జత చేసి. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. అప్పుడు అడిగితే వినే మేనేజరు ఉండడు. తాకట్టు ఉన్న లోన్ అయితే 60 రోజుల నోటీసు ఖమ్మంలో ఇంటికి వస్తుంది. సిబిల్ స్కోరు పడిపోయేది కొడుకుది ఒక్కడిదే కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రిది కూడా. ఎరువుల వ్యాపారికి ఖరీఫ్ ముందు క్యాష్ క్రెడిట్ పునరుద్ధరణ ఆగిపోవడమంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం వచ్చినవాళ్ల సంగతికి వద్దాం. ఇక్కడ నాకూ అన్నయ్యకూ చిన్న వాదన జరిగింది. బ్యాంకు పదిహేనేళ్ల దాకా గడువు ఇస్తానంది. ఆయన పదిహేనేళ్లే పెట్టించమన్నాడు, నెలకు 50 వేల 274తో పోతుందని. కానీ పదిహేనేళ్లకు కట్టేది 90 లక్షల 49 వేలు. పదేళ్లకైతే 74 లక్షల 19 వేలు. నా మాట వేరు. గడువు పదిహేనేళ్లే పెట్టించు, కానీ పదిహేనేళ్లు కట్టకు. హెచ్-1బీ లాటరీలో పేరు రాకపోయినా, కంపెనీ తీసేసినా, తప్పనిసరిగా కట్టాల్సింది తక్కువే ఉంటుంది. చేతిలో జీతం ఉన్న నెలల్లో ఎక్కువ కట్టు. మారే వడ్డీ రేటుతో వ్యక్తులు తీసుకున్న ఇలాంటి అప్పును ముందుగా తీరిస్తే జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి ఈ పద్ధతిలో నష్టం లేదు. వాడు నెలకు లక్షా 25 వేలు పంపితే, డాలరు 88 రూపాయలనుకుంటే 1,420 డాలర్లు, 45 నెలల్లో బాకీ తీరుతుంది. మొదటి నెల వడ్డీ దాదాపు 39 వేలు పోయినా, మిగతా 86 వేలు అసలుకే వెళ్తాయి. అదే 50 వేల ఈఎంఐ మాత్రమే కడితే మొదటి నెలలో అసలుకు వెళ్లేది 11 వేల చిల్లరే.

ముగ్గురు కుర్రాళ్లతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవాడికి అది సాధ్యమే. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లకు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను పడదు. అది జీతంలో 7.65 శాతం. వాడి జీతంలో ఆ మినహాయింపే నెలకు నాలుగు వందల డాలర్లు దాటుతుంది. హెచ్-1బీ రాగానే అది పోతుంది. కాబట్టి ఎక్కువ కట్టాల్సిన రోజులు ఇవే.

అదనంగా పంపినప్పుడు ఒక జాగ్రత్త. ఆ డబ్బు అసలు తగ్గించిందా, లేక రాబోయే వాయిదాల కోసం పక్కన పెట్టారా అన్నది స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి. పంపిన మర్నాడు మిగిలిన బాకీ ఆ మేరకు తగ్గి కనబడాలి, వచ్చే నెల వడ్డీ కూడా తగ్గాలి. తగ్గకపోతే 'అసలుకు జమ చేయండి' అని మెయిల్ రాయాలి. ఆటో డెబిట్ ఉన్న ఖాతాలో రెండు వాయిదాల డబ్బు ఎప్పుడూ నిల్వ ఉంచమన్నాను. ఇక్కడి నుంచి పంపిన డబ్బు మధ్యలో పండుగ సెలవులొస్తే నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, చెక్కు తిరిగొచ్చినట్టు చార్జీ పడుతుంది. ఈ ఏడాది జనవరి నుంచి అమెరికా వేసిన ఒక శాతం రెమిటెన్స్ పన్ను గురించి వాడు కంగారు పడ్డాడు. అది నగదు, మనీ ఆర్డరు లాంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపేదానికి లేదు.

ఆదాయపు పన్ను మినహాయింపు సంగతి అన్నయ్యే అడిగాడు. సెక్షన్ 80ఈ కింద చెల్లించిన వడ్డీకి పరిమితి లేకుండా, చెల్లింపు మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్లు మినహాయింపు ఉండేది పాత పన్ను విధానంలోనే. లోన్ తన పేరు మీదా ఉండి, తన ఆదాయంలోంచి కట్టిన తండ్రికి అది పనికొస్తుంది. ఆయన ఇప్పటికే కొత్త విధానంలోకి మారిపోయాడు కాబట్టి అక్కడితో ఆ మాట ముగిసింది.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఒకటి చెప్పాలి. ఇక్కడ రోడ్డు ప్రమాదంలోనో, చెరువులో మునిగో మన పిల్లలు పోయినప్పుడు విరాళాల పేజీలు వస్తాయి. చాలా వాటిలో 'తల్లిదండ్రుల మీద విద్యారుణ భారం ఉంది' అన్న వాక్యం ఉంటుంది. అప్పు విద్యార్థితో పోదు, సహ సంతకందారు మీద మిగులుతుంది. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇన్సూరెన్స్ తీసుకోమంటే మనవాళ్లు దండగ ఖర్చని కొట్టేస్తారు. ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపితే దాని మీదా వడ్డీ పడుతుంది, నిజమే. చేతి నుంచి కట్టి తీసుకోండి. విదేశంలో మరణించినా వర్తిస్తుందా, మొత్తం బాకీకి సరిపోతుందా, ఎన్నేళ్లు ఉంటుంది అన్న మూడూ అడగండి.

ఇక్కడ పుట్టిన మన పిల్లల ఫెడరల్ లోన్లు వేరు. డిగ్రీ చదివేవాళ్లకు అవసరాన్ని బట్టి ఇచ్చే సబ్సిడైజ్డ్ లోన్ మీద చదువుతున్నన్నాళ్లూ వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. అన్‌సబ్సిడైజ్డ్ మీద మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది. చదువయ్యాక ఆరు నెలల గ్రేస్ ఉంటుంది. అయితే 2023 జులై నుంచి, మొదటిసారి వాయిదాలు మొదలయ్యేటప్పుడు ఆ పోగుపడిన వడ్డీని అసలులో కలపడం ఆపేశారు. వడ్డీ కట్టాల్సిందే, కానీ దాని మీద మళ్లీ వడ్డీ ఉండదు. ప్రైవేటు లోన్లకు ఈ వెసులుబాటు లేదు. మెడిసిన్‌కు పంపే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ లేదు, ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లకు పరిమితం. మిగతాది ప్రైవేటు లోన్‌గా మారితే, ఖమ్మం కాగితం లాంటిదే మన ఇంటికీ రావచ్చు.

బ్యాంకుల మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే. మారటోరియంలో ఉన్న ఖాతాకు నెలనెలా 'ఈ నెల వడ్డీ ఇంత, ఇప్పటిదాకా పోగైంది ఇంత, ఫలానా తేదీన ఈఎంఐ ఇంతతో మొదలవుతుంది' అని తెలుగులో ఒక ఎస్ఎంఎస్ తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ పంపడానికి సాఫ్ట్‌వేర్ పెద్దగా అక్కర్లేదు. ఆ పని చేసేవాణ్నే కాబట్టి చెబుతున్నాను. లెక్క వాళ్ల దగ్గర రోజూ తయారవుతూనే ఉంది. 2024-25లో అమెరికాలో ఉన్న 3 లక్షల 63 వేల భారతీయ విద్యార్థుల్లో లక్షా 43 వేల మందికి పైగా ఓపీటీలో ఉన్నారని ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పింది. వాళ్లలో లోన్ మీద వచ్చిన ప్రతి ఒక్కరికీ సెలవు ముగిసింది, లేదా ముగియబోతోంది. అందులో మనవాళ్లు ఎందరో మన గుళ్లలో, క్రికెట్ గ్రౌండ్లలో చూస్తేనే తెలుస్తుంది.

మొదటి వాయిదా డిసెంబరు పదిన పడింది. వాడు లక్షా 25 వేలూ పంపాడు. మర్నాడు అన్నయ్య బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని నాకు ఫొటో పంపాడు. బాకీ 46 లక్షల నుంచి 45 లక్షల చిల్లరకు దిగింది. కింద ఒక ప్రశ్న కూడా పెట్టాడు. "మన చిన్నోడికి జనవరి ఇన్‌టేక్ వచ్చేట్టుంది. వాడి వడ్డీ మొదటి నెల నుంచే కట్టేస్తా. పది వేలేగా?"

పది వేలు మొదటి విడత వరకే అని మళ్లీ ఫోన్ చేసి చెప్పాను.